వందన సమర్పణ: వరుస తప్పకుండా, మూడు నిమిషాల్లో

కళాశాల సదస్సుల్లో ప్రారంభ సభ అనుకున్న వేళకు ముగియడం అరుదు. వందన సమర్పణ వంతు వచ్చేసరికి అతిథులకు శాలువాలు కప్పడం, జ్ఞాపికలు ఇవ్వడం కూడా అయిపోయి, హాలంతా టీ కోసం ఎదురుచూస్తుంటుంది. అప్పుడు మైకు ముందుకొచ్చిన అధ్యాపకుడి మాట మూడు నిమిషాలు వింటారు. నాలుగో నిమిషంలో కుర్చీలు కదులుతాయి, ముఖ్య అతిథి చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటారు.

చాలామంది తడబడేది వరుస దగ్గరే. ఉపన్యాసం మొదట్లో సభను సంబోధించేటప్పుడు సభాధ్యక్షుల పేరు ముందు వస్తుంది. అదే వరుసను వందన సమర్పణలోకి తెస్తే చిక్కు. మన సదస్సుల్లో ఎక్కువగా ప్రిన్సిపాల్‌గారే అధ్యక్షత వహిస్తారు. ఆయన ఇంటివారు. ఇంటికొచ్చినవాళ్లను పక్కనపెట్టి ఇంటిపెద్దకు ముందు దండం పెట్టడం బాగుండదు. అందుకే ముఖ్య అతిథి, కీలకోపన్యాసకులు, విశిష్ట అతిథులు అయ్యాకే ప్రిన్సిపాల్. అధ్యక్షులు బయటినుంచి వచ్చిన పెద్దలైతే మాత్రం వారి పేరు అతిథుల్లోనే, ముఖ్య అతిథి వెంటనే చెప్పాలి. 1979లో రాష్ట్రపతి సచివాలయం ప్రకటించిన ప్రాధాన్య క్రమం ప్రభుత్వ లాంఛనాలకు ఉద్దేశించింది. సదస్సుకు ఆహ్వాన పత్రికే ఆధారం. అందులో అచ్చయిన వరుసను అతిథులు ముందే చూసి ఉంటారు. దాన్ని మైకు ముందు మారిస్తే ఎవరికో ఒకరికి నొప్పి కలుగుతుంది.

జానపద సాహిత్యంపై రెండు రోజుల సదస్సు అనుకుందాం. వేదిక మీద విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ముఖ్య అతిథి, కీలకోపన్యాసం చేసిన విశ్రాంత ఆచార్యులు, విశిష్ట అతిథిగా ఒక రచయిత్రి, అధ్యక్షులుగా ప్రిన్సిపాల్, పక్కన సదస్సు సంచాలకులు ఉన్నారు. ఈ అయిదు పేర్లూ ముందు రోజు రాత్రే అరచేయంత కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసుకోవాలి. ఇంటిపేరు, బిరుదు, హోదా ఎలా రాయాలో వాళ్లనే అడిగి సరిచూసుకోవాలి. ‘ఆచార్య’ అనాల్సినచోట ‘డాక్టర్’ అంటే చిన్న పొరపాటే కావచ్చు, కానీ ఆ మనిషికి అది వినపడకుండా పోదు. ప్రతి పేరు కింద ఒక ఖాళీ గీత వదలాలి. ఆ గీత మీద రాయాల్సింది సభలో వింటూ రాసుకోవాలి.

నా లెక్కలో వందన సమర్పణకు ప్రాణం ఆ గీతే. ‘అమూల్యమైన సమయాన్ని వెచ్చించి’ అన్న మాట ఎవరికైనా అతుకుతుంది, కనుక ఎవరికీ అతకదు. దానికి బదులు, ‘పాట సేకరించినవారి పేరు పక్కన పాడినవారి పేరు కూడా నమోదు చేయాలని గుర్తుచేసిన కీలకోపన్యాసకులకు మా శాఖ కృతజ్ఞతలు’ అంటే ఒక్క వాక్యంలో పని అయిపోతుంది. తాను చెప్పింది విన్నారని ఆయనకు తెలుస్తుంది, వెనక వరుస విద్యార్థికి ఆ మాట మరోసారి అందుతుంది. అయితే ఒక్క వాక్యమే. రెండోది చేరితే ఉపన్యాసానికి సమీక్ష అవుతుంది, మిగతా అతిథులకూ అంతే ఇవ్వాల్సి వస్తుంది. నిదానంగా మాట్లాడితే నిమిషానికి ఎనభై, తొంభై మాటలు. మూడు నిమిషాలకు రెండు వందల డెబ్భై దాటవు. ‘నా తరఫున, శాఖ తరఫున, కళాశాల యాజమాన్యం తరఫున’ అన్నది ప్రతి పేరుకూ తగిలిస్తే అందులో చాలా మాటలు దానికే పోతాయి. మొదట ఒక్కసారి చెబితే చాలు.

వేదిక దిగాక పేర్లు ఆపేయాలి. ఆర్థిక సాయం చేసిన సంస్థ, యాజమాన్యం, సహాధ్యాపకులు, బోధనేతర సిబ్బంది, విద్యార్థి కార్యకర్తలు, విలేకరులు, ప్రతినిధులు, ఇలా బృందాలుగా చెప్పాలి. ఒక బృందంలో ఒకరి పేరెత్తితే తక్కినవాళ్లందరి పేర్లూ ఎత్తాల్సిందే. మరిచిన పేరు కోసం వేదిక మీదికి చీటీ వచ్చిందంటే, ఈ నియమం ఎక్కడో తప్పిందన్నమాటే.

ఆహ్వాన పత్రికలో లేని ప్రజాప్రతినిధి సభ మధ్యలో వస్తే, వేదిక మీద కూర్చోబెట్టారు గనుక ముఖ్య అతిథి తర్వాత ఒక్క వాక్యం. ముందే వెళ్లిపోయినా ఆ వాక్యం తీసేయకూడదు. ముఖ్య అతిథి రాలేక సందేశం పంపితే దానికి కృతజ్ఞత చెప్పాలి, రానందుకు సంజాయిషీ చెప్పనక్కర్లేదు. ‘ఇప్పుడు టీ విరామం’ అని మాత్రం వందన సమర్పణలో అనకూడదు. వెంటనే జనం లేస్తారు, జాతీయ గీతానికి మళ్లీ నిలబెట్టడం కష్టం. దానికి పట్టేది 52 సెకన్లే. ఆ తర్వాతే టీ ప్రకటన.

రెండో రోజు ముగింపు సభలో మరో వందన సమర్పణ ఉంటుంది. మొదటి రోజు పేర్లన్నీ అక్కడ తిరిగి చదవడం వృథా. అది సమావేశాలకు అధ్యక్షత వహించినవారిది, పత్రసమర్పకులది, ప్రొజెక్టర్ మొరాయించినప్పుడల్లా పరుగెత్తినవారిది, రెండు పూటలా వడ్డించినవారిది. వంటవాళ్లకు ధన్యవాదాలు చెప్పే వాక్యం వాళ్లు హాల్లో ఉన్నప్పుడు వచ్చేలా చూసుకోవాలి. ముందుగా ఒక విద్యార్థిని పంపి వాళ్లను పిలిపిస్తే సరిపోతుంది.