పదో వంతు

నా నవల రాతప్రతి 80,000 మాటలు వచ్చింది. పదో వంతు తగ్గించమన్నారు సంపాదకురాలు. ఎక్కడో చెప్పలేదు. అంతకుముందే చదివిన ఒక పెద్దాయన మాత్రం చెప్పారు. మూడు వంటింటి సన్నివేశాల పక్కన పెన్సిలుతో ‘అనవసరం’ అని రాసిచ్చారు.

పదో వంతు లెక్క కొత్తదేం కాదు. స్టీఫెన్ కింగ్ తన ‘ఆన్ రైటింగ్’ (2000)లో ఇదే చెప్తాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు, తిరిగొచ్చిన కథతోపాటు ఓ సంపాదకుడు రాసి పంపిన ముక్క అట అది. లెక్క సులువే. పాఠకురాలికి లోటు తెలియని పదో వంతు ఏదన్నదే తంటా.

మొదట మాటలు కొట్టేస్తూ కూర్చున్నాను. వారం రోజులకి ఆరేడు వందలు పోయాయి, వాక్యాలు ఎండిపోయాయి. అప్పుడు ఆ పని ఆపి, ప్రతి సన్నివేశానికీ ఒక్కో వాక్యం రాసుకున్నాను: ఇది అయ్యేసరికి ఎవరికి ఏం మారింది? ‘సుభద్ర పుట్టింటికి వెళ్తుంది’ అన్నది నాలుగుసార్లు వచ్చింది. నాలుగు బస్సు ప్రయాణాలు, నాలుగింటిలోనూ కిటికీ పక్క సీటు, పొలాలు! మొదటిసారి ఆమె భయపడుతూ వెళ్తుంది, ఆఖరిసారి తిరిగి రాకూడదనుకుని వెళ్తుంది. ఆ రెండూ ఉంచి మధ్యవి రెండూ తీసేస్తే 1,900 మాటలు తగ్గాయి. భర్తతో గొడవ మనం కళ్లారా చూశాక, మళ్లీ ఆమె దాన్ని అక్కకి పూసగుచ్చినట్టు చెప్పే సన్నివేశం ఇంకో 1,400. అక్క ముఖంలో మార్పు ఒక్కటే అందులో కొత్తది. అది మూడు వాక్యాలై తర్వాతి సన్నివేశంలోకి వెళ్లింది.

వర్ణనల దగ్గర ఇంకో ప్రశ్న వేసుకున్నాను: ఈ వస్తువుని చూస్తున్నది ఎవరు? అత్తగారి ఇంటి గురించి నాలుగు పేజీలు రాశాను. మండువా, దూలాలు, గడపలు. అవి చూసింది సుభద్ర కాదు, మా అమ్మమ్మ ఇంటిని పోగొట్టుకున్న నేను. కొత్త కోడలు మొదట వెతికేది తలుపు గడియ ఎటుందో, స్నానాల గది ఎంత దూరమో. అవి మిగిలాయి. పెళ్లి అధ్యాయం సగమైంది. మిగిలిన తగ్గింపు చాలా వరకు సన్నివేశాల చివర నేను అంటించిన వివరణల్లోంచి వచ్చింది. బాధ పడిందని చూపించాక, బాధపడిందని మళ్లీ రాసిన వాక్యాలవి.

లోటు తెలుస్తుందో లేదో పాత ప్రతి చదివిన వాళ్లని అడిగి లాభం లేదు. పోయినది వాళ్లకి గుర్తుంటుంది. ఒక్క పేజీ కూడా చూడని స్నేహితురాలికి కొత్త ప్రతి ఇచ్చాను. ఆమె ఒక్కటే అడిగింది: ‘ఆ గాజులు ఎవరివే, తాకట్టు పెట్టడానికి అంత ఏడ్చింది?’ అత్తగారు గాజులిచ్చే సన్నివేశం పెళ్లితోపాటు ఎగిరిపోయింది మరి. రెండు వాక్యాలు వెనక్కి తెచ్చాను. సన్నివేశం మొత్తం అక్కర్లేకపోయింది.

అయితే లోటు తెలియని పాఠకుడు ఎవరు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. వర్జీనియా వూల్ఫ్ 1932లో ‘ది పార్జిటర్స్’ని, నవలా భాగం ఒకటి, ఆడవాళ్ల బతుకుల మీద వ్యాసం ఒకటి కలిపి అల్లడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు వ్యాసాల్ని తీసేసింది. 1936లో ప్రూఫుల దశలో మరో రెండు పెద్ద భాగాలు కోసేసింది. 1937లో ‘ది ఇయర్స్’గా వచ్చిన ఆ నవల బాగా అమ్ముడుపోయింది. అప్పటి పాఠకులకి ఏ లోటూ తెలిసే వీలు లేదు. వ్యాసాల్లోని ఆలోచన చాలా వరకు ‘త్రీ గినీస్’ (1938)లో చోటు వెతుక్కుంది. నలభై ఏళ్లకి, 1977లో, ఆ తొలి ప్రతి అచ్చయ్యాక స్త్రీవాద విమర్శకులు వెతుక్కుంటూ వెళ్లింది ఆ తీసేసిన పేజీల కోసమే. వ్యాసాలు పోవడం వల్ల నవలకి ఊపిరాడిందనే నా అభిప్రాయం. ప్రూఫుల్లో కోసినవాటి గురించి మాత్రం అంత ధైర్యంగా అనలేను.

అందుకే పెద్దాయన పెన్సిలు గీతల్ని ఒకేసారి ఒప్పుకోనూ లేదు, కొట్టిపారెయ్యనూ లేదు. మూడింటికీ అదే ప్రశ్న వేశాను. కూర మాడిపోవడం, పాలు పొంగిపోవడం ఒకే పని చేస్తున్నాయి. ఒకటి పోయింది. పాలు పొంగే పేజీలో ఆడపడుచు మొదటిసారి సుభద్ర పక్షాన మాట్లాడుతుంది, అది సగమై నిలిచింది. మూడోదాంట్లో సుభద్ర రోట్లో పప్పు రుబ్బుతూ ఉంటుంది, అంతే. ఎవరూ రారు, ఏమీ అనరు. ఆయన దృష్టిలో ఏమీ జరగలేదు. కానీ రుబ్బడం అయి చెయ్యి కడుక్కున్నాక, తర్వాతి అరవై పేజీల్లో ఆమె భర్తతో ఒక్క మాట కూడా మాట్లాడదు. దాన్ని తీసేసి కొత్త పాఠకురాలికిచ్చి చూశాను కూడా. ‘ఈవిడ ఎప్పట్నుంచి మాట్లాడ్డం మానేసింది?’ అని వెనక్కి తిప్పి వెతికింది. పప్పు, రోలు, ఆ రెండు పేజీలూ అక్షరం మారకుండా తిరిగొచ్చాయి.