‘ఉంటే’ అన్న చోట ‘ఉన్నా’

చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో, గోడమీద క్యాలెండర్ పక్కన గుండుసూదితో గుచ్చిన ఒక కాగితాన్ని చూశాను. రెండు వైపులా చేతిరాత. రాసింది పదవీ విరమణ చేసిన తెలుగు టీచరు. పేరు రాయొద్దన్నారు కాబట్టి టీచరమ్మ అనే అంటాను. పక్కింటి ఆమెకు రొమ్ము క్యాన్సర్. ఆసుపత్రిలో ఇచ్చిన ఇంగ్లిషు కాగితం ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. దాన్ని తెలుగులో పెట్టమని అడిగితే, ఈమె పది రోజులు కూర్చుని రాశారు. రెండు పుటలకు పది రోజులా అనుకున్నాను నేను కూడా.

ఈ ప్రాంతం వాళ్ళు కీమోకు చాలా దూరం తిరగనక్కర్లేదు. తిరుపతిలో స్విమ్స్ ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల చొరవతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో తెరుచుకుంది. చిత్తూరు వాళ్ళయితే తరతరాలుగా వేలూరు సీఎంసీకి పోతూనే ఉన్నారు. మందు ఎక్కించే చోటు దగ్గరే. కానీ మందు ఎక్కించేది ఒక్క పూట. మిగిలిన ఇరవై రోజులూ రోగి ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు ఆమెకు తోడుండేది ఈ కాగితమే.

ఆమెకు పెట్టింది రెండు మందుల జోడి: డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్. మూడు వారాలకొకసారి, నాలుగు విడతలు. మొదటి విడత 2025 జనవరి 7, మంగళవారం. ఇంగ్లిషు కాగితంలో ‘ప్రతి 21 రోజులకు’ అని ఉంది. దీన్ని అలాగే తెలుగులో దించితే ఏమవుతుందో టీచరమ్మ ముందే పట్టుకున్నారు. మనం రోజులు లెక్కబెట్టేటప్పుడు మొదలైన రోజునే ఒకటి అంటాం. మూడో నాడు, పదకొండో నాడు అన్నప్పుడు లెక్క అట్లానే కదా. ఆ లెక్కన 7వ తేదీని ఒకటిగా పట్టుకుంటే ఇరవై ఒకటో రోజు 27, సోమవారం. కావలసింది 28. ‘మూడో మంగళవారం’ అని రాసి చూశారు. అది ఇంకా ఘోరం: 7ను మొదటి మంగళవారంగా లెక్కపెట్టే వాళ్ళకు మూడోది 21వ తేదీ, అంటే వారం ముందు. చివరికి నిలిచిన మాట ‘మూడు వారాలు నిండిన మంగళవారం, జనవరి 28’. తేదీ, వారం రెండూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి ఒకటి తప్పు చదివినా రెండోది పట్టిస్తుంది. తర్వాతవి ఫిబ్రవరి 18, మార్చి 11. ఆ రెంటినీ పెన్సిలుతో రాశారు. ఎందుకంటే ముందురోజు రక్తపరీక్షలో తెల్లకణాలు చాలినన్ని లేకపోతే మందు వారం వాయిదా పడుతుంది, దాని వెనకాల తేదీలన్నీ జరుగుతాయి. కింద ఒక వాక్యం: ‘వాయిదా పడిందంటే రోగం ముదిరిందని కాదు. ఒళ్ళు ఇంకా కోలుకోలేదని.’ ఈ వాక్యం ఇంగ్లిషు కాగితంలో లేదు. ఇట్లాంటివి కలపొచ్చా అని మందు రాసిన డాక్టరమ్మను అడిగి, ఆమె సరే అన్నాకే కలిపారట.

‘సైకిల్’ అన్న మాటకు ఆమె విడత అని వాడారు. నాకు నచ్చింది. సైకిల్ అంటే చక్రం అని కొన్ని కరపత్రాల్లో చూశాను, అది చదివి ఏ రోగీ ఏమీ చేయలేదు.

ఆ క్యాలెండర్లో జనవరి 13 నుంచి 20 దాకా ఎర్ర గీత ఉంది. మందు ఎక్కిన రోజును ఒకటిగా పట్టుకుంటే ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా అన్నమాట. ఈ మందులు క్యాన్సర్ కణాలతో పాటు ఎముకల మూలుగలో పుట్టే కొత్త తెల్లకణాలను కూడా అణిచేస్తాయి. అప్పటికే రక్తంలో ఉన్నవి కొన్నాళ్ళకు అయిపోతాయి, కొత్తవి రావు, అందుకే వారం తర్వాత సంఖ్య అడుగంటుతుంది. 13 భోగి, 14 సంక్రాంతి, 15 కనుమ. చంద్రగిరి పక్క పల్లెల్లో కనుమ అంటే పశువుల పండగ, ఇంటినిండా చుట్టాలు. ఆసుపత్రి కాగితంలో ‘జనసమూహాలకు దూరంగా ఉండండి’ అని ఉంది. టీచరమ్మ రాసింది ఇది: ‘ఈ ఎర్ర రోజుల్లో పండగ వస్తా ఉండాది. దగ్గు, జలుబు ఉన్న చుట్టాలను వాకిట్లోనే పలకరించు. కోపం రాకుండా ముందే చెప్పిపెట్టు.’ జనసమూహం అన్న మాటకు చుట్టాలు గుర్తొస్తారా? రారు. సంత గుర్తొస్తుంది.

ఇక రెండో పుట. ఇక్కడే ఆమె పనితనం నన్ను నిలబెట్టేసింది. ఏయే ఇబ్బందులు వస్తాయో, ఎప్పుడు ఫోన్ చేయాలో ఉండే పుట. ఇంగ్లిషు వాళ్ళు వాడే ఒకే ఒక చిన్న మాట, వచ్చే అవకాశం ఉందని చెప్పేది, తెలుగులో ‘రావచ్చు’ అవుతుంది. ‘జుట్టు ఊడవచ్చు, వాంతులు రావచ్చు, నోట్లో పుండ్లు రావచ్చు, జ్వరం రావచ్చు.’ వరసగా చదివితే నాలుగూ ఒకే జాతివి. పైగా ‘రావచ్చు’లో అనుమతి కూడా ఉంది. లోపలికి రావచ్చు అన్నట్టు, జ్వరం రావచ్చు. వస్తుందని కాగితంలోనే రాశారు కాబట్టి వచ్చినా ఫరవాలేదనుకుంటుంది రోగి. ఇట్లాంటి ఒక కరపత్రాన్ని నేనే ఒక బంధువుకు చదివి వినిపించాను, ఏ ఊరిదో చెప్పను. ఆమె ‘అయితే జ్వరం మామూలేనా’ అంది. నేను అవునన్నాను. ఆ రాత్రి ఏమీ కాలేదు, నా అదృష్టం.

టీచరమ్మ ‘వచ్చు’ను ఒక్కచోట కూడా వాడలేదు. ‘ఇది వస్తుంది, భయపడాల్సిన పని లేదు’ అన్న దాని కింద జుట్టు, అలసట, రుచి తెలియకపోవడం. ‘ఇది అందరికీ రాదు, వస్తే ఆ గంటలోనే ఫోన్’ అన్న దాని కింద మిగిలినవి. ఆ గంటలోనే అని ఎందుకు రాశారని అడిగాను. ముందు ‘వెంటనే’ అనే రాశారట. పక్కింటామెకు చూపించి, ‘రాత్రి పదకొండుకు జ్వరం వస్తే ఏం చేస్తావ్’ అని అడిగితే, ‘తెల్లారి మొదటి బస్సుకు పోతా టీచరమ్మా, వెంటనే’ అందట. ఆమెకు వెంటనే అంటే అదే. అప్పుడు ‘రాత్రి రెండు గంటలైనా, పండగైనా, ఆదివారమైనా’ అని చేర్చారు.

దానికంటే సన్నటి పట్టు ఒకటి ఉంది. ఇంగ్లిషు జాబితాను దించిన తొలి ప్రతిలో ఇలా ఉంది: ‘జ్వరం, చలి వణుకు, దగ్గు, మూత్రంలో మంట ఉంటే ఫోన్ చేయండి.’ చూడ్డానికి తప్పేమీ లేదు. కానీ పక్కింటామె చదివి, ‘నాకు జ్వరమే కానీ దగ్గు లేదు, అయితే ఆగొచ్చా’ అంది. నాలుగూ కలిసి ఉండాలని ఆమె అర్థం చేసుకుంది. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది కదా, నాలుగు మాటలూ ఒకే ‘ఉంటే’ మీద వాలిపోయాయి. టీచరమ్మ దాన్ని విడగొట్టారు. ‘వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఫోన్ చెయ్. రెండోదాని కోసం కాచుకోవద్దు.’ ‘ఉంటే’ తీసి ‘ఉన్నా’ పెట్టడం, దాని ముందు ‘ఏ ఒక్కటి’. వ్యాకరణంలో చిన్న మార్పే. ఇంకో పని కూడా చేశారు: ఫోన్ చెయ్ అన్నదాన్ని పైకి, పెద్ద అక్షరాల్లోకి తెచ్చి, దాని కింద ఒక్కో లక్షణాన్ని ఒక్కో వరసలో పెట్టారు. చదవడం సగంలో ఆపేసినా ఏం చేయాలో తెలుస్తుంది.

జ్వరానికి మటుకు పావు పుట ఇచ్చారు. ఎందుకంటే తెల్లకణాలు తగ్గిన ఒంట్లో చీము పట్టదు, వాపు సరిగా రాదు, చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. అది మొదలయ్యాక గంటల్లోనే రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆసుపత్రికి చేరిన గంటలోపే నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించాలంటారు. ఇంగ్లిషు కాగితంలో 38 డిగ్రీలు అని ఉంది. మన మందుల షాపుల్లో దొరికే థర్మామీటర్లు ఎక్కువగా ఫారన్‌హీట్‌లో చూపిస్తాయి కాబట్టి ‘100.4 గానీ అంతకంటే ఎక్కువ గానీ’ అని మార్చారు. చుక్క తర్వాతి అంకె చెరిగిపోకుండా స్కెచ్ పెన్నుతో దిద్దారు. నాలుక కింద పెట్టాలి, చంకలో పెడితే తక్కువ చూపిస్తుంది. కాఫీ తాగి పావుగంటైనా ఆగాలి. ‘ఒళ్ళు కాగతా ఉండాది అనిపిస్తే ముందు కొలువు, తర్వాత మాత్ర. ముందే పారాసిటమాల్ వేసుకుంటే వేడి దిగుతుంది, లోపలి జబ్బు దిగదు.’ దాని కింద సన్నగా: ‘జ్వరం లేకపోయినా వణుకు వస్తే, లేవలేనంత నీరసం, మనిషి మాట తడబడడం ఉన్నా కూడా ఫోనే.’

ఎర్ర మూత్రం గురించి రాసిన తీరు చెప్పకపోతే అన్యాయం. డాక్సోరూబిసిన్ రంగు ఎరుపు. రోగులు దాన్ని ఎర్ర మందు అనే అంటారు. ఎక్కిన ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగు. కానీ దాని జోడీ మందు సైక్లోఫాస్ఫమైడ్ మూత్రసంచిని గాయపరిచి నిజంగానే రక్తం పోయేలా చేయగలదు. ఒకటి మామూలు, ఒకటి ఫోన్. కంటికి రెండూ ఎరుపే. దీనికి టీచరమ్మ కాలాన్ని హద్దుగా పెట్టారు: ‘మంగళ, బుధ: ఎరుపు మందుది. గురువారం కూడా ఎర్రగా ఉన్నా, ఏ రోజైనా మంట ఉన్నా, గడ్డలు పడినా ఫోన్.’ నీళ్ళు ఎక్కువ తాగమని పక్కనే.

కాగితం చివర్లో ఫోన్లో చెప్పాల్సిన మాటలు. నాటకంలో పాత్రకు రాసినట్టు రాశారు. ‘నేను కీమో తీసుకుంటున్నాను. జనవరి 7న ఎర్ర మందు పెట్టారు. ఇప్పుడు జ్వరం ___.’ కీమో అన్న మాట ముందుండాలి, అది మొదటి నియమం. ‘జ్వరం వచ్చింది సార్’ అని మొదలుపెడితే ఎత్తినవాళ్ళు మామూలు జ్వరమనుకుని మాత్ర చెప్తారు. ఎవరూ ఎత్తకపోతే కాచుకోకుండా 108. ఊళ్ళో వైద్యుడి దగ్గరికి పోవాల్సి వస్తే చూపించడానికి అవే సంగతులు కాగితం వెనక ఇంగ్లిషులో మూడు వరసలు: ఏ మందులు, ఏ తేదీ, రక్తపరీక్ష చేసి నరంలో మందు ఎక్కించగల చోటికి వెంటనే పంపాలని.

దీనికీ హద్దుంది. ఇది ఆ ఒక్క మందుల జోడికే. జ్వరం అంకె కూడా ఆసుపత్రిని బట్టి కాస్త అటూఇటూ ఉంటుంది, కాబట్టి ఎవరి ఆసుపత్రి ఏ అంకె చెప్తే అదే రాసుకోవాలి. ఇంకో ఇంటికి జిరాక్స్ తీసి ఇస్తానంటే టీచరమ్మ ఒప్పుకోలేదు. తేదీలు, ఎరుపు, రెండు రోజుల లెక్క అన్నీ ఆ మందువే అన్నారు.

నాలుగు విడతలూ అయ్యాక పక్కింటామెకు మందు మారింది, పాక్లిటాక్సెల్, వారంవారం. అది నరాలను దెబ్బతీయగలదు. ఆ ఇబ్బందికి ఇంగ్లిషు కాగితంలో ఉన్న మాటకు టీచరమ్మ తిమ్మిర్లు అని రాసి కొట్టేశారు. తిమ్మిరి కాళ్ళు మడిచి కూర్చుంటే కూడా వస్తుంది, దాన్ని ఎవరూ లెక్కచేయరు. ఇప్పుడు ఆ చోట ఉన్న వాక్యం: ‘రవికె హుక్కులు పెట్టుకోవడం కష్టమైతే, చేతిలో గ్లాసు జారితే, వచ్చే వారం మందు ఎక్కించే ముందే డాక్టరమ్మకు చెప్పు.’