గీత గీసేది గురువు, మాట దిద్దుకునేది మనమే

కథ రాయడం ఒక విద్య, రాసిన కథను పదిమందికి చదివి వినిపించి దిద్దుకోవడం మరో విద్య. ఈ రెండో విద్యలో మా అనంతపురం కథకులకు సాటి ఎవరూ లేరని నా నమ్మకం. పక్షపాతం అంటారా, అననివ్వండి. సింగమనేని నారాయణ తెలుగు పంతులుగా పాఠాలు చెబుతూనే కథలూ రాశారు, ఇతరుల కథలను తూచే విమర్శా రాశారు. బండి నారాయణస్వామీ బడిపంతులుగా పనిచేసినవారే. ‘వాన రాలే’ అని మా ఊళ్ళ నోటిమాటనే కథకు పేరుగా పెట్టిన ధైర్యం ఆయనది. ఆయన నవల ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

మిత్రుడి సాయం తీసుకోవడం తెలుగులో కొత్తేమీ కాదు. భారత రచనలో నారాయణభట్టు తనకు తోడయ్యాడని నన్నయే చెప్పుకున్నాడు. అయినా ఆ శైలిని నన్నయ శైలి అనే అంటాం. తోడు తీసుకుని కూడా తన గొంతు నిలుపుకోవడమే ఇందులోని కిటుకు.

ఆ కిటుకు చూడాలంటే ఒక చిత్తుప్రతిని దగ్గర పెట్టుకోవాలి. తొలకరి పడితే వజ్రకరూరు చేలల్లో వజ్రపు రాళ్ళు వెతికేవాళ్ళు కనబడతారు. ఆ ఊరి కుర్రవాడొకడు అలా వెతికే ముసలమ్మ మీద కథ రాశాడనుకుందాం. చిత్తులో ఇలా ఉంది: “ముసిల్ది వంగినది వంగినట్టే ఉండాది. రాయి సిక్కలే. మొబ్బయింది.”

పంతులుగారు ఎర్రసిరాతో దాన్ని కొట్టేసి, “వృద్ధురాలు నిరాశతో వెతుకుతూనే ఉంది” అని రాశారు. గుంటూరు మిత్రుడు, “మొబ్బంటే మేఘమా, చీకటా?” అన్నాడు. మరో స్నేహితుడు, “చివర్లో వజ్రం దొరికితే బాగుంటుంది” అన్నాడు. మూడూ మంచి మనసుతో అన్నవే. మూడింటినీ అలాగే పాటిస్తే ఆ కథ ఎవరిదీ కాకుండా పోతుంది.

చెయ్యి తిరిగిన కథకుడు ఇక్కడే తన పనితనం చూపిస్తాడు. చదివినవాడు ఎక్కడ ఆగాడో ఒక వరసలో, ఏం చెయ్యమన్నాడో ఇంకో వరసలో రాసుకుంటాడు. మొదటి వరసను నమ్ముతాడు, రెండోదాన్ని అనుమానిస్తాడు. చదివేటప్పుడు తట్టుకున్నవాడు అబద్ధమాడడు, కానీ దారి ఎలా వెయ్యాలో వాడికి తెలియాలని లేదు. ఇద్దరు ఒకేచోట ఆగితే అక్కడ లోపం ఉన్నట్టే. అది ఎలా పోవాలన్నది మాత్రం రాసినవాడే తేల్చుకోవాలి.

పంతులుగారి వాక్యం అక్కర్లేదు, ఆయన ఫిర్యాదు కావాలి. ముసలమ్మ ఆరాటం ఆయనకు అందలేదు. దానికి ‘నిరాశ’ అనే మాట చాలదు, ఒక పని కనబడాలి: “రాయి సిక్కలే. సెంగున కట్టుకొచ్చిన రొట్టె ఇంకా ఇప్పలే.” ఆకలి కూడా మరిచి వెతుకుతోందని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. మొబ్బు అన్న మాటను తియ్యనక్కర్లేదు. “మొబ్బయింది. రాయేదో మట్టిపెళ్ళేదో తెలీకుండా పోయింది” అంటే గుంటూరువాడికీ అది చీకటేనని తెలుస్తుంది. ఇక వజ్రం దొరకదు. దొరికితే అది వేరే కథ. కానీ ముగింపు వెలితిగా ఉందన్న మాట నిజమే. అందుకని ముసలమ్మ ఇంటికొచ్చి, తినని ఆ రొట్టెనే రేపటికని మళ్ళీ చెంగున ముడేసుకుంటుంది. ముగ్గురి మాటా చెల్లింది, వాళ్ళ వాక్యం మాత్రం ఒక్కటీ రాలేదు!

గొంతు పోయిందో లేదో తేల్చుకోవడానికి దిద్దిన ప్రతిని పైకి చదవాలి. రైతూ, తహసీల్దారూ, ముసలమ్మా ఒకేలా మాట్లాడుతుంటే గొంతు పోయినట్టే. కథ చివర పాత్ర మాట ఆగి ఉపన్యాసం మొదలైనా అంతే. అందుకే తొలి చిత్తును చింపకూడదు. దిద్దుబాటులో జారిపోయిన మాటను అందులోంచే తిరిగి తెచ్చుకోవాలి.

నా కడుపుమంటంతా ఇప్పటి తీరు మీదే. ఫోన్‌లో కథ పంపితే చదవకుండానే ‘బ్రహ్మాండం’ అనేవాళ్ళు ఒక పక్క. యాసంటే తప్పని సున్నాలు చుట్టేవాళ్ళు మరో పక్క. వీళ్ళను మించినవాళ్ళు ఇంకొందరున్నారు. పుస్తక భాషలో కథంతా రాసేసి, పైన నాలుగు ‘ఏమప్పా’లు, రెండు ‘యాడికి’లు చల్లి సీమ కథ అంటారు. సినిమాలో తొడకొట్టి అరిచే సీమకీ దీనికీ తేడా లేదు. సీమ వాక్యానికి తనదైన నడక ఉంది, మాటలు చల్లితే అది రాదు.

పంతుళ్ళకూ పత్రికల సంపాదకులకూ ఒక్క మనవి. పిల్లవాడి చిత్తు చేతికొస్తే మీకు ఎక్కడ అడ్డం తగిలిందో అక్కడ గీత గీయండి, పక్కన ప్రశ్న రాయండి. వాక్యం మాత్రం వాణ్ణే రాయనివ్వండి.