జట్టులో లేనివారి కోసం రాసే వాక్యం

చెన్నైలో చింతాద్రిపేట నుంచి కూవం దాటి కాస్త ఉత్తరంగా వెళ్తే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వస్తుంది. 2022 జూన్ 10 నుంచి 14 దాకా అక్కడ జాతీయ అంతర్రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలకు చివరి సెలక్షన్ అవే. అవి ముగిసిన రెండు రోజులకు భారత అథ్లెటిక్స్ సమాఖ్య జట్టును ప్రకటించింది. హైజంప్‌లో జాతీయ రికార్డు ఉన్న తేజస్విన్ శంకర్ పేరు అందులో లేదు.

సెలక్షన్ కమిటీ మినిట్స్‌లో జట్టు జాబితా రాయడం తేలిక. పనితనమంతా తీసేసిన పేరు పక్కన రాసే కారణంలో ఉంటుంది. తేజస్విన్ విషయంలో సమాఖ్య చెప్పిన కారణాన్ని మినిట్స్ భాషలో పెడితే నేనిలా రాస్తాను: ‘సమాఖ్య పెట్టిన 2.27 మీటర్ల ప్రమాణం అందుకున్నారు. తప్పనిసరి అయిన అంతర్రాష్ట్ర పోటీలో పాల్గొనలేదు. మినహాయింపు కోరలేదు.’

చిన్న వాక్యాలే అయినా వీటి అమరిక నాకు చాలా ఇష్టం. ఒక్కోదాన్నీ విడిగా సరిచూసుకోవచ్చు. అమెరికా విశ్వవిద్యాలయాల పోటీల్లో అతను 2.27 దూకి స్వర్ణం గెలిచాడు, కాబట్టి మొదటి వాక్యం నిజం. ఆ పోటీలు, చెన్నై పోటీలు ఒకే వారంలో పడ్డాయి. రెండోదీ నిజమే. అసలు బరువంతా మూడోదాని మీద ఉంది. నీరజ్ చోప్రా కూడా చెన్నై రాలేదు, ఆ రోజుల్లో ఫిన్లాండ్‌లో ఈటె విసురుతున్నాడు. అతనికి సమాఖ్య మినహాయింపు ఇచ్చింది. అంటే రాకపోవడం ఒక్కటే అడ్డు కాదు, అనుమతి లేకుండా రాకపోవడం అడ్డు. ఈ తేడా కాగితం మీద ఉంటేనే, ‘అతనికో న్యాయం, నాకో న్యాయమా?’ అన్న ప్రశ్నకు జవాబు ఉంటుంది. ‘మొత్తం మీద ప్రదర్శన సంతృప్తికరంగా లేదు’ అని రాసేస్తే ఆ ఆటగాడు దేనికి జవాబివ్వాలి? అలాంటి వాక్యాన్ని తప్పని నిరూపించలేం, ఒప్పనీ నిరూపించలేం.

కారణం స్పష్టంగా ఉంటే దాన్ని ఎదిరించడమూ సాధ్యమవుతుంది. తేజస్విన్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. ప్రమాణం అందుకున్నాడా లేదా అన్న గొడవే లేదు కాబట్టి, ఒక్క పోటీకి రాలేదని అంతటివాణ్ని వదిలేయవచ్చా అన్న ఒక్క ప్రశ్నే మిగిలింది. అతని పేరు మళ్లీ పరిశీలించమని కోర్టు చెప్పింది. సమాఖ్య ఒప్పుకుంది.

మినిట్స్ రాసేవాళ్లకు అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. అథ్లెటిక్స్‌కు దక్కిన కోటా 36. ఒకరు లోపలికి వస్తే ఒకరు బయటికి పోవాలి. రిలే పరుగు ఆటగాడు ఆరోకియ రాజీవ్ స్థానంలో తేజస్విన్‌ను చేర్చారు. ఇలాంటి చోట చేరినవాడి కారణం వివరంగా రాసి, తప్పుకున్నవాడిని ‘బదులుగా’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం తరచూ జరిగే లోపం. ఆ రెండో ఆటగాడి పేరు పక్కన కూడా అతని సొంత కారణం ఉండాలి. పైగా హైజంప్ వేరు, రిలే వేరు. గడువు దాటాక వెళ్లిన తేజస్విన్ ఎంట్రీని క్రీడల నిర్వాహకులు మొదట తోసిపుచ్చి, తర్వాత ఒప్పుకున్నారు. ఆగస్టు 3న అతను 2.22 దూకి కాంస్యం తెచ్చాడు. ఆ పతకం చూసి జూన్‌లో రాసిన కారణాన్ని తప్పనడం మాత్రం సరికాదు. కమిటీ కూర్చున్న రోజున దాని ముందున్నదేమిటో దాన్నిబట్టే కాగితాన్ని తూచాలి.

2017 లండన్ ప్రపంచ పోటీల వ్యవహారాన్ని దీనితో పోల్చి చూస్తే ఈ స్పష్టత విలువ ఇంకా బాగా తెలుస్తుంది. భువనేశ్వర్‌లో పి.యు.చిత్ర 1500 మీటర్లను 4:17.92లో పూర్తిచేసి ఆసియా విజేత అయింది. ఆ హోదాతో ఆమెకు ప్రపంచ పోటీల అర్హత వచ్చింది. అయినా ప్రపంచ ప్రమాణం 4:07.50, పది సెకన్లకు పైగా దూరం. పైగా అదే నెలలో గుంటూరు అంతర్రాష్ట్ర పోటీలో ఆమె ఓడిపోయింది. సమాఖ్య ఆమెను పంపలేదు. ఈ కారణాల్లో బలం లేకపోలేదు. కానీ ఆసియా విజేతకు వచ్చే అర్హతను గుంటూరు ఓటమి రద్దు చేస్తుందని ఆటగాళ్లకు ముందే చెప్పి ఉండాలి. జట్టును ఎంచేటప్పుడు తొలిసారి వినిపించే ప్రమాణం ఎంత సబబైనదైనా ప్రమాణం అనిపించుకోదు. కేరళ హైకోర్టు ఆమెను చేర్చమంది కానీ అప్పటికే ఎంట్రీల గడువు దాటిపోయింది.

ఆ జట్టులోనే ఇంకో చిక్కు బయటపడింది. స్టీపుల్‌ఛేజ్ ఆసియా విజేత సుధా సింగ్‌నూ కమిటీ ఎంపిక చేయలేదు, కానీ అంతర్జాతీయ సమాఖ్య వెలువరించిన ఎంట్రీల జాబితాలో ఆమె పేరు కనబడింది. మినిట్స్‌లో ఒక మాట, పంపిన ఎంట్రీలో ఇంకో మాట ఉంటే మిగతా కారణాలన్నిటి మీదా నమ్మకం పోతుంది. అందుకే సంతకాలు పడేముందు ఎంట్రీ ఫారాన్ని, మినిట్స్‌ను పక్కపక్కన పెట్టుకుని, ఉన్న పేర్లతోపాటు లేని పేర్లను కూడా ఒక్కొక్కటిగా ఎవరో ఒకరు పైకి చదవాలి.