19 గడుల్లో తిరుమల ఘాట్

తిరుమల నుంచి కిందికి దిగే బండికి పైన టోల్‌గేటు దగ్గర టైము వేసిన చీటీ ఒకటి చేతికిస్తారు. అలిపిరిలో ఆ చీటీ చూస్తారు. మధ్యలో కనీసం 40 నిమిషాలు గడిచి ఉండాలి, అంతకంటే ముందే దిగితే జరిమానా. ఎక్కేటప్పుడైతే ఆ లెక్క 28 నిమిషాలు. దిగడానికి వాడే దారి 1944లో వేసిన పాత ఘాట్. సుమారు 19 కిలోమీటర్లు, 36 పెద్ద మలుపులు.

ఈ చీటీ ఆధారంగా ఒక సైన్సు మాస్టారు గీసిన చార్టును తిరుపతి పక్కనే ఒక హైస్కూల్లో, తొమ్మిదో తరగతి గోడ మీద చూశాను. వడి–కాలం గ్రాఫు అది. ఇలాంటి గ్రాఫులు పుస్తకాల్లో ఎన్నో చూశాం కానీ, ఇంత ఆలోచించి గీసింది నేను చూడలేదు.

ముందుగా గడుల సంగతి చెప్పాలి. అడ్డంగా ఒక గడికి 6 నిమిషాలు, నిలువుగా ఒక గడికి గంటకు 10 కిలోమీటర్ల వడి. అందరూ 5 నిమిషాలో 10 నిమిషాలో తీసుకుంటారు, ఈయన 6 ఎందుకు తీసుకున్నారా అని కాసేపు ఆలోచించాను. 6 నిమిషాలంటే గంటలో పదో వంతు. గంటకు 10 కిలోమీటర్ల వడితో పదో వంతు గంట నడిస్తే సరిగ్గా 1 కిలోమీటరు. అంటే ఆ కాగితం మీద ప్రతి గడీ ఒక కిలోమీటరే. గీత కింద గడులు లెక్కపెడితే దూరం వచ్చేస్తుంది. అదే 5 నిమిషాల గడి అయితే ఒక్కోటి 833 మీటర్లయి, పిల్లలు గడులు వదిలేసి హెచ్చవేతల్లో పడేవాళ్ళు.

చార్టు మీద రెండు గీతలున్నాయి. నీలం గీత నెమ్మదస్తుడైన డ్రైవరుది. మొదటి 2 నిమిషాల్లో సున్నా నుంచి 30కి ఎక్కుతుంది, 36 నిమిషాలు 30 మీదే సాగుతుంది, చివరి 2 నిమిషాల్లో సున్నాకు దిగుతుంది. రెండు కొసల్లోనూ ఒక్కో త్రిభుజం, మధ్యలో ఒక దీర్ఘచతురస్రం. త్రిభుజంలో సగటు వడి 15, కాబట్టి 2 నిమిషాలకు అర కిలోమీటరు. దీర్ఘచతురస్రం ఎత్తు మూడు గడులు, పొడవు ఆరు గడులు, అంటే 18. రెండు అరలూ కలిపితే 19 గడులు, 19 కిలోమీటర్లు, 40 నిమిషాలు. ఘాట్ రోడ్డు మొత్తం ఆ బొమ్మ కింద పట్టేసింది.

వైశాల్యం దూరమెలా అవుతుందన్నది పిల్లలు నిజంగా తడబడే చోటు. మాస్టారు త్రిభుజం లోపల సన్నని నిలువు చీలికలు గీసి చూపించారు. ఒక్కో చీలిక అంత చిన్న సమయంలో వడి దాదాపు మారదు, కాబట్టి చీలిక ఎత్తును వెడల్పుతో గుణిస్తే ఆ కాసేపట్లో నడిచిన దూరం. చీలికలన్నీ కలిపితే మొత్తం దూరం. 14వ శతాబ్దంలో ఫ్రాన్సులో నికోల్ ఒరెమ్ కూడా సమంగా పెరిగే వడిని ఇలాగే నిలువు గీతల వరుసగా గీసి, త్రిభుజం వైశాల్యం సగం ఎత్తున్న దీర్ఘచతురస్రానికి సమానమని చూపించాడు. అప్పటికి స్పీడోమీటరు అనే మాటే లేదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాట్లు రెండు. మొదటిది 30ని 36తో గుణించి 1080 అని రాసేయడం. గంటల లెక్కలో ఉన్న వడిని నిమిషాలతో గుణించారన్నమాట, 60తో భాగిస్తే 18 వస్తుంది. జవాబు కొండంత పెరిగిందంటే ముందు చూడాల్సింది ఇదే. రెండోది ఘాట్ రోడ్డు గ్రాఫులో మరీ గట్టిగా పట్టుకునే పొరపాటు. గీత కిందికి దిగితే బండి కొండ దిగుతోందనీ, గీత చదునుగా ఉంటే బండి ఆగిందనీ అనుకుంటారు. దారి వాలుకూ గీత వాలుకూ సంబంధం లేదు. గీత దిగితే వడి తగ్గుతోంది, అంతే. చదునుగా ఉంటే అదే వడితో నడుస్తోంది. గీత అడుగు రేఖను తాకితేనే బండి ఆగినట్టు.

నాకు బాగా నచ్చింది చార్టు మూలన వేసిన చిన్న బొమ్మ. ఒకే ఒక్క మలుపును భూతద్దం కింద పెట్టినట్టు పెద్దది చేశారు. 30తో వస్తున్న బండి 9 సెకన్లలో 12కు తగ్గి, 6 సెకన్లు 12తోనే తిరిగి, 12 సెకన్లలో మళ్ళీ 30కి చేరుతుంది. గీతలో చిన్న గుంట పడింది. ఆ గుంట కింద వైశాల్యం లెక్కిస్తే 52.5, 20, 70 కలిపి 142.5 మీటర్లు. తగ్గకుండా 30తోనే పోయి ఉంటే ఆ 27 సెకన్లలో 225 మీటర్లు నడిచేది. అంటే గుంట మింగేసిన వైశాల్యం 82.5 మీటర్లు, 30 వడి మీద దాదాపు 10 సెకన్ల ఆలస్యం. ఇలాంటి గుంటలు 36 పడితే మొత్తం సుమారు 6 నిమిషాలు. కాబట్టి ఎక్కడా 30 దాటని డ్రైవరు నిజానికి 46 నిమిషాలకు గానీ అలిపిరి చేరడు. పైన నీలం గీత నున్నగా ఉందంటే మలుపులు లేవని కాదు, వాటిని సగటులో కలిపేశారని. ఆ సంగతి మాస్టారు పక్కనే పెన్సిలుతో రాసి పెట్టారు. తన బొమ్మ ఎక్కడిదాకా నిజమో చెప్పే ఆ నిజాయితీకి నా మనసు కరిగింది.

ఎర్ర గీత తొందరపాటు డ్రైవరుది. 2 నిమిషాల్లో 48కి ఎక్కి, 15 నిమిషాలు అక్కడే ఉంటుంది. ఒక నిమిషంలో 24కు పడి, 12 నిమిషాలు అలాగే సాగి, 4 నిమిషాల్లో సున్నాకొస్తుంది. ముక్కలు ముక్కలుగా కూడితే 0.8, 12, 0.6, 4.8, 0.8, అంటే ఇక్కడా 19 కిలోమీటర్లే. కానీ అయిన సమయం 34 నిమిషాలు. మిగతా 6 నిమిషాలు గేటు ఇవతల రోడ్డు పక్కన బండి ఆపుకుని కూర్చుంటాడు. గీత అడుగు రేఖ మీద పడుకుంటుంది, ఆ గడిలో వైశాల్యమే లేదు.

చీటీకి ఈ ఇద్దరూ ఒకటే. దానికి తెలిసింది మొత్తం వైశాల్యమూ అడుగు పొడవూ, అంటే 19 కిలోమీటర్లూ 40 నిమిషాలూ, సగటు గంటకు 28.5. బొమ్మ ఆకారం దానికి కనిపించదు. మలుపులో బండిని పల్టీ కొట్టించేది సగటు కాదు, అక్కడ ఆ క్షణానికి ఉన్న ఎత్తు.

గ్రాఫులో మాత్రం అది దాగదు. 20వ నిమిషం దగ్గర నిలువు గీత గీసి ఎడమవైపు వైశాల్యం చూస్తే, నీలం బండి 9.5 కిలోమీటర్ల దగ్గరుంది, ఎర్ర బండి 14.2 దగ్గరుంది. అంటే ఎప్పుడు ఎంత వడి అన్నదే కాదు, ఏ రాయి దగ్గర ఎంత వడి అన్నదీ చదువుకోవచ్చు. రెండింటి మధ్య దూరం ఎప్పుడు అత్యధికమన్న ప్రశ్న చార్టు అడుగున ఉంది. ఎర్ర బండి 48లో ఉన్నప్పుడని చాలామంది అంటారట. కాదు, రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటే క్షణాన, 17 నిమిషాల 45 సెకన్ల దగ్గర. అప్పటిదాకా ఎర్రది ముందుకు జరుగుతూనే ఉంటుంది, ఆ తర్వాతే నీలం దగ్గరవడం మొదలు. ఆ క్షణానికి తేడా సుమారు 4.9 కిలోమీటర్లు, అంటే గీతల మధ్య చిక్కిన దాదాపు ఐదు గడులు. దాటిన తర్వాత కుడివైపు నీలం గీత కింద, ఎర్ర గీత పైన సరిగ్గా అంతే వైశాల్యం ఉండాలి, లేకపోతే ఇద్దరూ ఒకే గేటు దగ్గర కలవరు. మాస్టారు ఆ రెండు భాగాలకూ ఒకే పసుపు రంగు వేశారు. ఎడమది పొట్టిగా లావుగా, కుడిది పొడుగ్గా, మొదట పల్చగా చివర్లో లావుగా. నేను వేలితో గడులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను, రెండు వైపులా ఐదుకు కాస్త తక్కువే వచ్చాయి.