ఒత్తులు లేని వీడ్కోలు: బోధిత పదజాల నియమం – ఒక పరిశీలన

పరిమిత పదజాలంతో రచన తెలుగుకు కొత్త కాదు. పొన్నెగంటి తెలగన్న తత్సమాలను విడిచి అచ్చతెలుగులో 'యయాతి చరిత్రము' రచించాడు. అక్కడ నియమం పదాల పుట్టుకకు సంబంధించినది. పల్లెబడి ఉపాధ్యాయురాలు తన పదవీ విరమణ ప్రసంగాన్ని తాను నేర్పిన మాటలకే పరిమితం చేసుకుంటే, నియమం బోధనాక్రమానికి సంబంధించినదవుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో కూలిపనులకు వలస వెళ్లే కుటుంబాలున్నాయి. ఆ ఇళ్ల పిల్లల్లో కొందరికి గుణింతాలు వచ్చినా, ఒత్తులు నేర్చేలోపే బడి తప్పిపోవచ్చు. వారిని కూడా లెక్కలోకి తీసుకుంటే, అందరికీ నేర్పిన మాటలంటే ఒత్తులు లేని మాటలే.

ఈ హద్దులో ఆమె 'వలస' అనగలదు. 'రాలేదు' అనగలదు, 'వచ్చారు' అనలేదు. 'చదివారు', 'చదువుతారు' కుదురుతాయి; 'చదువుతున్నారు' కుదరదు. గడిచినదీ రాబోయేదీ మిగిలి, జరుగుతున్నది మాత్రం ప్రామాణిక భాషలో ఆమెకు అందకుండా పోతుంది.

ఆ లోటును సీమ మాండలికం తీర్చగలదు. 'పోతున్నాను'కు ఒత్తు కావాలి. 'పోతాండాను'కు సున్న చాలు. అయితే ఆ రూపం పాఠ్యపుస్తకం నేర్పినది కాదు, పిల్లలు ఇంటి నుంచి తెచ్చినది. నియమాన్ని అక్షరాలకు వర్తింపజేస్తే అది చెల్లుతుంది. మాటలకు వర్తింపజేస్తే చెల్లదు. అప్పుడు ఆమెకు 'సెలవు' మిగులుతుంది. అది నియమాన్ని నిలుపుతుంది గాని, బడి ఎవరి భాషను వదిలేసిందో చెప్పదు. 'పోతాండాను' నియమాన్ని మీరి ఆ సంగతి చెబుతుంది. ప్రసంగానికి విమర్శ విలువ ఆ మీరడంలోనే ఉంది.