హార్మోన్ ఎక్కువే, కానీ ఎక్కడి నుంచి?

ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ చుట్టుపక్కల ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌లోనైనా థైరాయిడ్ పరీక్ష చవక. తెల్లవారుజామున షూటింగ్‌కు వెళ్లే ముందు రక్తం ఇచ్చిపోతే సాయంత్రానికి రిపోర్టు ఫోన్‌లోకి వచ్చేస్తుంది. అందులో టీఎస్‌హెచ్ దాదాపు సున్నాకు పడిపోయి, ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 రెండూ పెరిగి ఉంటే రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైందని అర్థం. హార్మోన్ పెరగగానే మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఇక చాలనుకుని టీఎస్‌హెచ్ పంపడం ఆపేస్తుంది. రిపోర్టు చెప్పేది ఇంతవరకే. ఆ హార్మోన్ ఎక్కడి నుంచి వచ్చిందో అది చెప్పదు. మందు ఎంపిక మాత్రం పూర్తిగా ఆ జవాబు మీదే ఆధారపడుతుంది.

ఒక కేసు అనుకుందాం. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు, గ్రూప్ డాన్సర్. కాన్పు అయి మూడున్నర నెలలు. మళ్లీ రిహార్సల్స్ మొదలుపెట్టింది. నెలన్నరలో ఐదు కిలోలు తగ్గింది. సెట్‌లో అందరూ మెచ్చుకున్నారు కాబట్టి అది జబ్బేమోనని ఎవరికీ తోచలేదు. తర్వాత గుండె దడ, చేతుల వణుకు, లైట్ల కింద నిలబడలేనంత ఉడుకు మొదలయ్యాయి. రిపోర్టులో టీఎస్‌హెచ్ 0.01 కన్నా తక్కువ. ఫ్రీ టీ4 4.1, మామూలుగా 1.8 దాటకూడదు. ఫ్రీ టీ3 8.2, దాని పైహద్దు 4.2 దగ్గర ఉంటుంది. గ్రేవ్స్ వ్యాధిని పట్టిచ్చే ట్రాబ్ యాంటీబాడీ కూడా 6.0. చాలా ల్యాబుల్లో 1.75 దాటితే పాజిటివ్. కాగితం మీద అచ్చంగా గ్రేవ్స్. కార్బిమజోల్ రాసేయడానికి ఇంకేం కావాలనిపిస్తుంది.

అనుభవమున్న ఎండోక్రైనాలజిస్టు ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడుగుతారు: "జుట్టుకు ఏమైనా వాడుతున్నావామ్మా?"

వాడుతోంది. కాన్పు తర్వాత జుట్టు రాలుతోందని రోజూ పది మిల్లీగ్రాముల బయోటిన్ వేసుకుంటోంది. జుట్టు, చర్మం మెరవాల్సిన వృత్తిలో ఇది చాలామంది హ్యాండ్‌బ్యాగులో ఉండే మాత్రే. శరీరానికి రోజుకు కావాల్సింది సుమారు ముప్ఫై మైక్రోగ్రాములు. ఆమె వేసుకుంటున్నది దానికి మూడు వందల రెట్లకు పైనే. ఒంటికి దానివల్ల పెద్ద హాని లేకపోవచ్చు కానీ పరీక్షను మాత్రం అది తప్పుదారి పట్టిస్తుంది. చాలా యంత్రాలు హార్మోన్‌ను పట్టుకోవడానికి బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెండు పదార్థాల బంధాన్నే వాడుకుంటాయి. రక్తంలో బయోటిన్ మరీ ఎక్కువైతే ఆ బంధం చెడుతుంది. ఒక పద్ధతిలో జరిగే టీఎస్‌హెచ్ పరీక్ష ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. వేరే పద్ధతిలో జరిగే ఫ్రీ టీ4, ఫ్రీ టీ3, ట్రాబ్ పరీక్షలు ఎక్కువ చూపిస్తాయి. ఏ జబ్బూ లేని మనిషికి కూడా గ్రేవ్స్ ఉన్నట్టు రిపోర్టు రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే ఈ బయోటిన్ అడ్డంకి గురించి హెచ్చరించింది. మన ల్యాబుల్లో రక్తం తీసేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న అడగడం అలవాటు చేసుకుంటే ఎన్నో అనవసర మందులు తప్పుతాయి.

మాత్ర ఆపించి, మూడు రోజుల తర్వాత మళ్లీ రక్తం తీశారు. ఫ్రీ టీ4 2.9కి, ఫ్రీ టీ3 5.6కి దిగాయి. ట్రాబ్ 0.8, అంటే నెగెటివ్. టీఎస్‌హెచ్ మాత్రం అలాగే అణిగి ఉంది. అంటే బయోటిన్ అంకెల్ని పెంచి చూపించింది, యాంటీబాడీని లేనిచోట చూపించింది. హార్మోన్ ఎక్కువగా ఉన్నమాట మాత్రం నిజం. నాడి నిమిషానికి 112 కొట్టుకోవడం కూడా అదే చెబుతోంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. థైరాయిడ్ గ్రంథి రెండు మూడు నెలలకు సరిపడా హార్మోన్‌ను గాదెలో ధాన్యంలా ముందే నిల్వ చేసుకుంటుంది. గ్రేవ్స్‌లో యాంటీబాడీ గ్రంథిని అదేపనిగా తట్టిలేపి కొత్త హార్మోన్ తయారు చేయిస్తుంది. థైరాయిడైటిస్‌లో వాపు వల్ల గాదె గోడ పగిలి పాత నిల్వ రక్తంలోకి కారుతుంది, కొత్త తయారీ ఆగిపోతుంది. రిపోర్టులో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

చేత్తో, కంటితో తెలిసేది కొంత ఉంటుంది. గ్రేవ్స్‌లో గ్రంథి అంతటా ఉబ్బి, స్టెతస్కోప్ పెడితే రక్తం పరుగెత్తే సవ్వడి వినిపించవచ్చు. కనుగుడ్లు ముందుకు పొడుచుకొస్తే అది దాదాపు గ్రేవ్సే. పైరెప్ప వెనక్కి లాగినట్టుండటం మాత్రం హార్మోన్ ఏ కారణంతో పెరిగినా కనిపిస్తుంది కాబట్టి దాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. ఈమె మెడలో గ్రంథి కాస్త పెద్దదే కానీ నొప్పి లేదు, సవ్వడి లేదు, కళ్లు మామూలుగానే ఉన్నాయి. అంకెల నిష్పత్తి కూడా కొంత దారి చూపుతుంది. అతిగా పనిచేసే గ్రంథి టీ3ని మరీ ఎక్కువగా తయారుచేస్తుంది. కారిపోయే నిల్వలో టీ4దే పెద్ద వాటా. ఈమె ఫ్రీ టీ3 పైహద్దును దాటింది కానీ టీ4ని మించి పరుగెత్తలేదు. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు.

రుజువుకు టెక్నీషియం స్కాన్ ఉంది. పెద్ద ఆసుపత్రుల న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో దీన్ని చేస్తారు. నరంలోకి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, ఇరవై నిమిషాల తర్వాత కెమెరా కింద మెడను ఫొటో తీస్తారు. గ్రేవ్స్‌లో గ్రంథి అంతా సమానంగా వెలుగుతుంది. ఒక్క గడ్డే స్వతంత్రంగా హార్మోన్ తయారుచేస్తుంటే ఆ గడ్డ వెలిగి, మిగతా గ్రంథి చీకటిగా ఉంటుంది. థైరాయిడైటిస్‌లో దాదాపు ఏమీ కనిపించదు. గత నెలల్లో అయోడిన్ కాంట్రాస్టుతో సీటీ స్కాన్ చేయించుకున్నా, గుండెకు అమియోడరోన్ వాడుతున్నా స్కాన్ ఇలాగే మసకబారుతుంది. అందుకే ఆ ప్రశ్నలు ముందే అడగాలి. ఈమె బిడ్డకు పాలిస్తోంది కాబట్టి ముందురోజే పాలు పిండి దాచి, స్కాన్ తర్వాత ఒక రోజు పాలు పారబోయమన్నారు. రేడియో అయోడిన్ అయితే పాలిచ్చే తల్లికి ఇవ్వనే కూడదు. గ్రంథి మందును పట్టుకున్న శాతం సాధారణంగా అర శాతం నుంచి నాలుగు శాతం వరకు ఉంటుంది. ఈమెది 0.2.

ఇంకొక అనుమానం మిగిలింది. బరువు తగ్గించే పొడుల్లోనో, మాత్రల్లోనో కలిపిన థైరాయిడ్ హార్మోన్ బయటి నుంచి ఒంట్లోకి వచ్చినా గ్రంథి ఇలాగే నిద్రపోతుంది. సన్నబడటమే బతుకుతెరువైన చోట ఇది అడగడానికి మొహమాటపడకూడదు. తేల్చేది థైరోగ్లోబులిన్ అనే ప్రొటీన్. నిల్వ కారుతున్నప్పుడు అది పెరుగుతుంది, హార్మోన్ బయటి నుంచి వస్తుంటే బాగా తగ్గుతుంది. ఈమెకు బాగా పెరిగింది. కాన్పు తర్వాత వచ్చే థైరాయిడైటిస్ అని తేలింది.

కార్బిమజోల్ కొత్త తయారీని ఆపే మందు. ఇక్కడ తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి అది చేసే మేలు లేదు. అరుదుగానైనా తెల్ల రక్తకణాలను పడగొట్టే ప్రమాదం మాత్రం దానికి ఉంది. దడ తగ్గడానికి ప్రొప్రనొలాల్ చాలు. ఆరు వారాలకు ఫ్రీ టీ4 మామూలుకు దిగింది. మరో రెండు నెలలకు గాదె ఖాళీ అయి టీఎస్‌హెచ్ 18కి ఎక్కింది, ఈసారి నీరసం, మలబద్ధకం. పొరపాటున కార్బిమజోల్ మొదలుపెట్టి ఉంటే ముందు దిగినదంతా దాని పుణ్యమని, తర్వాత పడిపోయినదంతా దాని తప్పని అనుకునేవారు. జబ్బు అసలు నడక ఎవరికీ తెలిసేది కాదు.

కొన్ని నెలలు థైరాక్సిన్ తక్కువ మోతాదులో ఇచ్చి, కాన్పయిన ఏడాదికి ఆపి చూశారు. టీఎస్‌హెచ్ 2.6 దగ్గర నిలిచింది. కొందరిలో ఇది నిలవదు, మాత్ర శాశ్వతమవుతుంది. మరో కాన్పు తర్వాత ఇదే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూసుకోమని, మళ్లీ గర్భం వస్తే మొదటి నెలల్లోనే రమ్మని, రక్తం ఇచ్చే ముందు జుట్టు మాత్ర మూడు రోజులు ఆపమని ఫైల్ మొదటి పేజీలోనే రాసిచ్చారు.